ఖో-ఖోలో పిలకాయలంతా తిన్నగా పరిగెత్తి దొరికిపోతా ఉండారు, చిన్న గేమ్‌లతో ఎట్ల మార్చేది?

ఇరాల_లెక్కలమాస్టారు
మాది యూపీ స్కూలు. 6, 7, 8 తరగతులు కలిపి 34 మంది. పీఈటీ పోస్టు లేదు, కాబట్టి ఆటల పీరియడ్లు రెండూ నాకే వేశారు. వారానికి రెండు సార్లు, నలభై నిమిషాలు. నేను చిన్నప్పుడు ఖో-ఖో ఆడినోడినే గానీ నేర్పడం వేరే పని అని ఇప్పుడు తెలుస్తా ఉంది.

ముందు పెద్ద కోర్టులోనే ఆడించినా. తొమ్మిది మంది చేజింగు, ముగ్గురు రన్నర్లు, మిగిలిన ఇరవై రెండు మంది వేపచెట్టు కింద కూర్చుని రాళ్ళు ఏరుకుంటా ఉంటారు. ఇట్ల కాదని 3 మంది కూర్చునే చిన్న ఆటలు పెట్టినా. అందరూ ఆడతా ఉండారు, సంతోషమే. ఆట మాత్రం మారలేదు. రన్నర్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిన్నగా పరిగెత్తి పోలు కాడ దొరికిపోతాడు. చేజర్ ఏమో ఖో ఇవ్వకుండా పోలు దాకా వాడి వెనకాలే పోతాడు. ఖో ఇవ్వరా అని అరిస్తే, కూర్చున్నోడిని దాటిపోయినాక చెయ్యి వెనక్కి చాచి కొడతాడు.

ఎప్పుడు ఖో ఇవ్వాలి, ఎప్పుడు పక్క మారాలి అనేది 11, 12 ఏళ్ళ పిల్లలకి ఎట్ల అర్థమయ్యేట్టు చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బంగారుపాళ్యం_బాబు
ముందు స్పీడు పెంచండి సార్. 30 మీటర్ల పరుగులు, షటిల్ రన్నులు ఒక నెల. వేగం లేకుండా ఎన్ని చెప్పినా దండగ. మా ఊళ్ళో అట్లనే చేసినాము, టీము తయారైంది.

పాకాల_పీడీ
లెక్కల సార్, జవాబు చెప్పే ముందు రెండు అడుగుతాను. ముగ్గురిని ఎటు మొహం పెట్టి కూర్చోబెట్టారు? మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం?

ఇరాల_లెక్కలమాస్టారు
ఒకడు ఇటు, ఒకడు అటు, మళ్ళీ ఒకడు ఇటు మేడం, మామూలుగానే. దూరం 5 అడుగులు ఉంటాది. చిన్న పిల్లలు కదా అని తగ్గించినా.

పాకాల_పీడీ
చిక్కు అక్కడే ఉంది.

ముగ్గురిని కూర్చోబెడితే ఇద్దరు ఒక వైపు చూస్తారు, ఒక్కడే రెండో వైపు చూస్తాడు. ఖో వీపు వైపు నుంచే ఇవ్వాలి కదా. ఇద్దరు చూసే వైపు చేజర్ పరిగెత్తేటప్పుడు వాడి పక్కకి వీపు పెట్టి కూర్చున్నది ఒక్కడే. అంటే ఆ వైపు మొత్తం పరుగులో వాడికి ఖో ఇచ్చే అవకాశం ఒక్కసారే. ఆ ఒక్కడిని దాటితే ఇంక పోలు దాకా పోవడం తప్ప దారి లేదు. మీ పిల్లవాడు పోలు దాకా పోతున్నాడంటే తెలివి లేక కాదు, మీరు పెట్టిన ఆటలో ఇంకో దారి లేక. రన్నర్‌కి కూడా అంతే, ఆ ఒక్కడిని చూసుకుంటే చాలు, ఇంక ఆలోచించే పని ఉండదు.

నలుగురిని పెట్టండి. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. అప్పుడు ఏ వైపు పరిగెత్తినా చేజర్‌కి రెండు చోట్లు ఉంటాయి: ఇప్పుడే ఇవ్వాలా, ఇంకొకడి దాకా పోవాలా. ఆట నేర్చుకోవడం అంటే ఆ ఎంపికే.

ఇంక దూరం. పెద్ద కోర్టులో మనిషికీ మనిషికీ మధ్య సుమారు 2.30 మీటర్లు, అంటే ఏడున్నర అడుగులు. దాన్ని 5 అడుగులు చేస్తే రన్నర్ సందులోంచి దూరే లోపలే పక్కవాడు లేచి పట్టేస్తాడు. రెండు సార్లు అట్ల దొరికిన పిల్లవాడు మూడోసారి సందులోకే రాడు, బయటే తిన్నగా పరిగెత్తుతాడు. మీరు రాసింది అదే కదా. మనుషులను తగ్గించండి, దూరం మాత్రం తగ్గించొద్దు.

రన్నర్_పుత్తూరు
మేడం కరెక్టుగా చెప్పారు. నేను జిల్లా ఆడినా. నా అనుభవంలో రన్నర్‌కి ఒకటే చెప్పాలి, వెనక్కి చూస్తా పరిగెత్తు అని. చేజర్ మీద నుంచి కన్ను తీయకూడదు. దాంతో పాటు చైన్ నేర్పాలి, మనుషుల మధ్య పాము మాదిరి దూరతా పోవడం. చైన్ వస్తే ఎవడూ పట్టుకోలేడు.

చంద్రగిరి_నాన్న
మా వాడు 7వ తరగతి. టీవీలో చూసి వజీర్ అంటాడు, వజీర్ అయితే ఎటైనా తిరగొచ్చంట. మా కాలంలో ఒకసారి దిక్కు పట్టినాక వెనక్కి తిరిగితే ఫౌలే. రూలు మారిపోయిందా?

పాకాల_పీడీ
@చంద్రగిరి_నాన్న, అది అల్టిమేట్ ఖో-ఖో లీగులో పెట్టుకున్న రూలు. 2022లో ఆ లీగు మొదలైనప్పటి నుంచి పిల్లలందరికీ వజీర్ పిచ్చి పట్టింది. 2025 జనవరిలో ఢిల్లీలో ప్రపంచ కప్పు మన ఆడా మగా రెండు టీములూ గెలిచినాక ఇంకా ఎక్కువైంది. ఆట మీద ఇష్టం పెరిగింది, చాలా మంచిదే. కానీ బడిలో నేర్పేటప్పుడు వజీర్ వద్దు. చేజర్ వెనక్కి తిరగలేడు, నడిమి గీత దాటలేడు అన్న రెండు కట్టుబాట్ల వల్లే రన్నర్ తప్పించుకోగలడు. వాటిని తీసేస్తే అది మామూలు దొంగాట అవుతుంది. మీ వాడికి అట్లనే చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

@రన్నర్_పుత్తూరు, చేజర్‌ని చూడాలన్నది నిజమే. వెనక్కి చూస్తా పరిగెత్తు అంటే మాత్రం 6వ తరగతి పిల్ల మెడ తిప్పి పరిగెత్తి కూర్చున్నవాడి మీద పడుతుంది. మా దగ్గర ఒకసారి పన్ను విరిగింది. తిన్నగా పారిపోయేవాడికే వెనక్కి చూసే అవసరం. పక్కకి తిరిగి, కూర్చున్నవాళ్ళ దగ్గరే చిన్న అడుగులు వేస్తా ఉంటే చేజర్ ఎప్పుడూ కంటికి ఎదురుగానే ఉంటాడు. మొహం కాదు, భుజం చూడమనండి. మొహంతో మోసం చెయ్యొచ్చు, భుజం తిరిగిందంటే వాడు ఆ దిక్కుకి కట్టుబడినట్టే.

రన్నర్_పుత్తూరు
ఒప్పుకుంటా. మేము పెద్దయినాక నేర్చుకున్నాం, అందుకే మెడ సంగతి తోచలేదు. చైన్ సంగతి ఏమంటారు?

పాకాల_పీడీ
చైన్ నలుగురితో కుదరదు, మొదలుపెట్టే లోపల పోలు వచ్చేస్తుంది. అది పెద్ద కోర్టుకి పోయినాక. ముందు ఒక్క దాటడం సరిగ్గా రానివ్వండి.

సత్యవేడు_సురేష్
ఈసారి మండల సెలక్షన్లకి అండర్-14లో పుట్టిన తేదీ ఎప్పటి నుంచి తీసుకుంటారు? మా వాడిది ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి ఉంది.

బంగారుపాళ్యం_బాబు
@సత్యవేడు_సురేష్ అన్నా, అది వేరే చర్చ. సెలక్షన్ల థ్రెడ్‌లో అడుగు, ఆడ చెప్తారు. ముందు బడి రికార్డు తెచ్చి పెట్టుకో.

ఇరాల_లెక్కలమాస్టారు
మేడం, "ఒక్క దాటడం" అన్నారు. కొంచెం విడమరిచి చెప్తారా? లెక్కలోడిని కాబట్టి బొమ్మ గీసుకుంటే గానీ నాకు తలకెక్కదు.

పాకాల_పీడీ
గీసుకోండి మరి. ఒక చివర వేపచెట్టు వైపు పోలు, ఇంకో చివర బోరింగు వైపు పోలు. మధ్యలో వేపచెట్టు నుంచి వరసగా 1, 2, 3, 4 కూర్చున్నారు. 1, 3 ఊరి వైపు చూస్తున్నారు. 2, 4 బడి వైపు చూస్తున్నారు.

చేజర్ వేపచెట్టు పోలు నుంచి ఊరి వైపున బయలుదేరి బోరింగు దిక్కుగా వస్తున్నాడు. వాడు ఖో ఇవ్వగలిగింది 2కీ 4కీ మాత్రమే, ఎందుకంటే ఊరి వైపుకి వీపు పెట్టింది వాళ్ళిద్దరే. రన్నర్ కూడా ఊరి వైపే, 2కీ 3కీ మధ్య సందు దగ్గర నిలబడి ఉంది అనుకోండి.

ఇప్పుడు రన్నర్ భయపడి, చేజర్ ఇంకా 1 దగ్గర ఉండగానే సందులో దూరి బడి వైపుకి పోయింది. ఏమవుతుంది? చేజర్ రెండు అడుగులు వేసి 2కి ఖో ఇస్తాడు. 2 బడి వైపుకే లేస్తాడు. రన్నర్ చేతికి అందే దూరంలోనే ఉంటుంది. అవుట్.

అదే రన్నర్ ఓపిక పట్టి, చేజర్ 2ని దాటినాక దూరింది అనుకోండి. దాటిపోయినవాడికి వెనక్కి వచ్చి ఖో ఇవ్వకూడదు. చేజర్ ఇంక 4 దాకా పోవాల్సిందే. రన్నర్ బడి వైపుకి దూరి, వేపచెట్టు దిక్కుకి తిరిగి రెండు అడుగులు వేసేసరికి, 4 లేచినా మధ్యలో నాలుగైదు మీటర్ల దూరం ఉంటుంది. అంతా ఒక్క అడుగులో ఉంది. చేజర్ 2కి ముందు ఉన్నాడా, దాటినాడా?

పిల్లలకి నేను ఒక్క మాటే చెప్తాను. "వీపు దాటినాక దూరు." వీపు అంటే చేజర్‌కి వీపు చూపిస్తా కూర్చున్నవాడు. రన్నర్‌కి ఆ మాట. చేజర్‌కి దాని ఎదురు మాట: "వీపు కాడ నిదానించు." ప్రతి వీపు దగ్గర చేజర్ అర అడుగు వేగం తగ్గించి, రన్నర్ సందుకి దగ్గరగా ఉందా, దూరంగా ఉందా చూడాలి. దగ్గరగా ఉంటే ఖో ఇచ్చెయ్యాలి, ఆమె ఇంకా దూరకపోయినా సరే. అట్ల ఇస్తే దూరేవైపు మనిషి ముందే లేచి ఉంటాడు. దూరంగా, గీత దగ్గర ఉంటే మాత్రం దాటి పరిగెత్తొచ్చు.

@బంగారుపాళ్యం_బాబు గారూ, స్పీడు కావాలి, నేను కాదనను. కానీ వీపు కాడ నిదానించడం రానివాడికి స్పీడు పెంచితే ఇంకా తొందరగా దాటిపోతాడు, అంతే.

బంగారుపాళ్యం_బాబు
హ్మ్. మా టీములో బాగా పరిగెత్తే పిల్లోడు ఎప్పుడూ ఎందుకు ఒట్టి చేతులతో పోలు కాడికి పోతాడో ఇప్పుడు అర్థమైంది మేడం. వాడిని ఆపడానికి నేను బ్రేకులు బిగించాలేమో.

స్వర్ణముఖి_టీచర్
నేను తిరుపతి రూరల్‌లో పని చేస్తాను, సైన్స్ టీచర్ని, ఆటలూ చూసుకుంటాను. మేడం చెప్పిన దాంట్లో నాకు తగిలిన ఒక పెద్ద ఇబ్బంది చెప్తాను. ఖో ఇచ్చినవాడు లేచినవాడి చోట్లో, వాడు చూసిన వైపే చూస్తా కూర్చోవాలి కదా. మా పిల్లలు తొందరలో తాము వచ్చిన వైపుకే మొహం పెట్టి కూర్చుండిపోయేవాళ్ళు. రెండు ఖోలు అయ్యేసరికి పక్కపక్కన ఇద్దరు ఒకే వైపు, ఇంక ఆట అంతా గందరగోళం. ఎవరిది తప్పో కూడా తెలిసేది కాదు.

దానికి నేను ముగ్గుపిండితో ప్రతి గడిలో బాణం గుర్తు వేశాను. సున్నం వద్దు, పిల్లలు చేతులు నేల మీద ఆనిస్తారు, కళ్ళు రుద్దుకుంటే మంట. బాణం ఎటు ఉంటే అటు చూడాలి, అంతే. మూడో పీరియడ్‌కి బాణం లేకుండానే సరిగ్గా కూర్చున్నారు.

ఇంకోటి. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడినప్పుడు వీపు మీద గట్టిగా చరుస్తారు. ఒక అమ్మాయి వాళ్ళమ్మ వచ్చి అడిగింది, తప్పు లేదు. 8వ తరగతి అమ్మాయిలు ముందే బిగుసుకుని కూర్చుంటే లేవడం కూడా ఆలస్యం అవుతుంది. వాళ్ళకి వేరే కోర్టు పెట్టాను. చెయ్యి ఆనించితే చాలు, చప్పుడు రాకూడదు అన్న రూలు అందరికీ పెట్టాను. చప్పుడు వస్తే ఫౌల్. ఆశ్చర్యం ఏమంటే, దాంతో ఖో అనే మాటా చెయ్యీ ఒకేసారి పడడం మొదలైంది. కొట్టేవాడు ముందు కొట్టి తర్వాత అరుస్తాడు, ఆనించేవాడు కలిపి చేస్తాడు.

పాకాల_పీడీ
చప్పుడు రూలు చాలా బాగుంది టీచర్. నేనూ రేపటి నుంచి పెడతాను.

ఇరాల_లెక్కలమాస్టారు
బాణాలు నేనూ వేస్తా. సోమవారం నుంచి మొదలుపెట్టి వారం తర్వాత ఏమైందో చెప్తా.

మదనపల్లె_మల్లి
నాకూ ఇదే సమస్య, చదువుతా ఉన్నా. ఆగొద్దు.

ఇరాల_లెక్కలమాస్టారు
రెండు పీరియడ్లు అయినాయి. జరిగింది జరిగినట్టు రాస్తా.

8 మందికి ఒక కోర్టు చేసినా. నలుగురు కూర్చుంటారు, ఒకడు చేజర్, ఇద్దరు రన్నర్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఒకరు అంపైర్. నాలుగు కోర్టులు, 32 మంది. మిగిలిన ఇద్దరు టైము చూస్తారు. రన్నర్‌కి ఒక నిమిషం, దొరికినా దొరక్కపోయినా నిమిషం కాగానే రెండో రన్నర్. తర్వాత అందరూ చోట్లు మారతారు. పన్నెండు పదమూడు నిమిషాల్లో ప్రతి ఒక్కరూ ఒకసారి పరిగెత్తినారు, పీరియడ్‌లో రెండేసి సార్లు. పెద్ద కోర్టులో అయితే నెలకి ఒకసారి కూడా రాని పిల్లలు ఉండారు.

మొదటి రోజే ఒక దెబ్బ తిన్నాం. ఉన్న పెద్ద కోర్టు గీతనే వాడుకుందామని మొదటి నలుగురికి ఒక ఆట, చివరి నలుగురికి ఒక ఆట, మధ్యలో ఒకే గుర్తు పెట్టినా. ఇటు చేజర్ ఆ గుర్తు తిరిగే సమయానికే అటు రన్నర్ కూడా వచ్చినాడు. ఇద్దరూ నుదురు నుదురు కొట్టుకున్నారు. పెద్దగా ఏం కాలేదు గానీ నాకు గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు రెండు కోర్టుల మధ్య పది అడుగులు వదిలినా. పోలు చోట కర్ర పాతలేదు, నీళ్ళ బాటిల్‌లో ఇసక పోసి పెట్టినా. మా నేల అంతా గులకరాళ్ళు కాబట్టి పోలు కాడ డైవ్ కొట్టడం మొత్తానికే వద్దన్నా.

ఇంక ఆట సంగతి. ప్రతి నిమిషంలో ఎన్ని ఖోలు పడినాయో అంపైర్ పిల్లతో లెక్క రాయించినా. మొదటి రోజు చాలా నిమిషాల్లో రెండు, మూడు. రెండో రోజు "వీపు కాడ నిదానించు" అని చెప్పినాక ఆరు, ఏడు దాకా పోయినాయి. కానీ అవుట్లు పెరగలేదు, తగ్గినాయి! ఎందుకో చూస్తే, పిల్లలు ప్రతి వీపు దగ్గరా ఖో ఇచ్చేస్తా ఉండారు, రన్నర్ ఎక్కడున్నా సరే. ఒక అమ్మాయి ఉంది, 7వ తరగతి, మామూలుగా నోరెత్తదు. ఆ పిల్ల ఊరి వైపు గీత దగ్గర దూరంగా నిలబడింది, సందు దగ్గరికే రాలేదు. చేజర్ 2కి ఖో ఇచ్చాడు, 2 బడి వైపుకి లేచాడు. రన్నర్ ఊరి వైపే ఉంది కదా, మళ్ళీ 3కో 1కో ఖో ఇస్తే గానీ, లేదంటే పోలు తిరిగి వస్తే గానీ ఇటు రాలేరు. ఈ లోపల ఆమె హాయిగా నడుచుకుంటా చోటు మారింది. నిమిషం అంతా అట్లనే గడిపేసింది. నేను పిల్లల ముందే చప్పట్లు కొట్టినా. ఆమె ఏం చేసిందో తరగతి మొత్తానికి బోర్డు మీద గీసి చూపించినా. ఆ పిల్ల మొహం చూడాల్సింది.

ఇప్పుడు చేజర్లకి ఏం చెప్పాలి?

పాకాల_పీడీ
సార్, ఈ పోస్టు చదివి నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ పిల్ల కనిపెట్టింది రెండు ఖోల ఎడం. చేజర్ ఉన్న వైపే, వాడికి దూరంగా ఉన్నంతసేపు ఖో ఇవ్వడం చేజర్‌కే నష్టం, ఎందుకంటే పోలు దాకా పోకుండా తిరిగి అదే వైపు రావడానికి రెండు ఖోలు కావాలి. నేను చెప్పిన మాటలో మొదటి సగమే పిల్లలకి చేరింది. నిదానించమంటే ఖో ఇచ్చేయమని కాదు, చూడమని. రన్నర్ సందుకి రెండు అడుగుల లోపల ఉంటేనే ఖో. గీత దగ్గర ఉంటే దాటి, ఆమె మీదికి పోవాలి. అప్పుడు ఆమెకి తప్పదు, సందు వైపు రావాల్సిందే లేదా పోలు దిక్కుకి పరిగెత్తాల్సిందే.

ఇది నోటితో చెప్తే ఎక్కదు. మూడు నిమిషాలు నడక ఆట పెట్టండి. అందరూ నడవాలి, పరుగు లేదు. చేజర్ ప్రతి వీపు దగ్గరా ఆగి, గట్టిగా "సందు" అనో "గీత" అనో రన్నర్ ఉన్న చోటు చెప్పాలి. సందు అంటే ఖో ఇస్తాడు, గీత అంటే ముందుకి పోతాడు. అట్ల నడిచినాక పరుగు. తప్పు ఎక్కడ చేశాడో వాడికే తెలుస్తుంది.

మదనపల్లె_మల్లి
నడక ఆట నేను కూడా పెడతా. కానీ 8వ తరగతి మొగపిల్లోళ్ళు నడవమంటే వింటారా?

స్వర్ణముఖి_టీచర్
నడిస్తేనే తర్వాత పరుగు అని చెప్పండి, వింటారు. మా వాళ్ళు వింటున్నారు.

రన్నర్_పుత్తూరు
నాకొక ఆలోచన. రన్నర్లు గీత కాడే నిలబడిపోతే ఆట చప్పగా ఉంటాది. సందులో ఒకసారి దూరితే రన్నర్‌కి ఒక పాయింటు ఇవ్వండి. అప్పుడు అందరూ దూరతారు, దూరడం అలవాటు అవుతాది.

స్వర్ణముఖి_టీచర్
నేను పెట్టి చూశానండి, రెండు వారాలకే తీసేశాను. పాయింటు కోసం చేజర్ అటు చివర ఉన్నప్పుడు ఊరికే ఇటు అటు దూరతా ఉంటారు. అది తప్పించుకోవడం కాదు, లెక్క పెంచుకోవడం. అసలు ఆటలో అట్ల దూరితే దొరికిపోతారు.

రన్నర్_పుత్తూరు
చేజర్ ఆ వరసలో ఉన్నప్పుడు దూరితేనే పాయింటు అని పెట్టండి అక్కా. లేదంటే భయపడే పిల్లలు ఎప్పటికీ సందులోకి రారు. నేనూ మొదట అట్ల భయపడినోడినే, మా సార్ పాయింటు పెట్టినాకే ధైర్యం వచ్చింది.

స్వర్ణముఖి_టీచర్
అది ఎవరు చూస్తారు తమ్ముడూ? 12 ఏళ్ళ అంపైర్ ఒక నిమిషంలో ఖోలు లెక్కపెట్టాలి, ఫౌళ్ళు చూడాలి, ఇది కూడానా? గొడవలు అవుతాయి.

పాకాల_పీడీ
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నేను పాయింటు పెట్టను. భయపడే పిల్లలకి మాత్రం కోర్టు వెడల్పు తగ్గిస్తాను. నడిమి గీత నుంచి ఒక్కో వైపు 8 మీటర్లు కాకుండా 4 మీటర్లు. అప్పుడు గీత దగ్గర నిలబడినా దొరికిపోతారు, సందు తప్ప దారి ఉండదు. కానీ అట్ల చేస్తే చేజర్లకి సులువైపోతుంది, వాళ్ళు ఆలోచించడం మానేస్తారు. అందుకని ఒక్క కోర్టు మాత్రం ఇరుకుగా, మిగిలినవి వెడల్పుగా ఉంచుతాను. పుత్తూరు తమ్ముడు చెప్పినట్టు పాయింటుతో బాగుపడిన పిల్లలనూ చూశాను. ఏది మేలో ఒకే మాటగా చెప్పలేను.

చంద్రగిరి_నాన్న
ఆదివారం మా వీధిలో ఆరుగురు పిల్లలతో ఇదే ఆడించినా. కూర్చునేది నలుగురు, ఒకడు చేజర్, ఒకడు రన్నర్. మా వాడు వజీర్ అడగలేదు. "నాయనా, వీపు దాటినాక దూరాలి" అని వాడే నాకు చెప్తా ఉండాడు. ఒక అనుమానం. కూర్చున్న పిల్లలు ఖో పడక ముందే లేస్తా ఉండారు. ఏం చెయ్యాలి?

పాకాల_పీడీ
ఖో పడక ముందే లేస్తే ఫౌలే అండి. చిన్న ఆటలో నేను శిక్ష ఇట్ల పెడతాను: ముందే లేచినవాడు తిరిగి కూర్చుని, అందరూ రెండు లెక్కపెట్టినాక లేవాలి. రన్నర్‌కి ఆ రెండు లెక్కలు చాలు తప్పించుకోవడానికి. తోటివాళ్ళే కోప్పడతారు, మనం చెప్పక్కర్లేదు. ఇంకో కారణం కూడా చూడండి. మోకాళ్ళు నొప్పి పుట్టి లేస్తా ఉంటారు కొందరు. ఒక్కో పిల్లని రెండు నిమిషాలకి మించి కూర్చోబెట్టకండి.

బంగారుపాళ్యం_బాబు
మేడం, నలుగురితో వచ్చిన పిల్లల్ని పెద్ద కోర్టుకి ఎప్పుడు తీసుకుపోవాలి? వచ్చే నెల మండలం ఉంది.

పాకాల_పీడీ
నేను నలుగురి నుంచి ఆరుగురికి, అక్కడి నుంచి ఎనిమిది మందికి పోతాను. ఐదు, ఏడు పెట్టను, ముగ్గురి ఆటలో వచ్చిన ఒంటిపక్క చిక్కు కొంచెం అక్కడా ఉంటుంది. ఆరుగురికి పోయే గుర్తు ఏమంటే, నేను "సందు, గీత" అని అరవకుండానే నిమిషంలో కనీసం ఒక్కసారి చేజర్ ఖో ఇవ్వకుండా వీపుని కావాలనే దాటాలి. దాటి, రన్నర్‌ని పోలు దిక్కుకి తోలాలి. అది కనిపించిందంటే వాడు చూసి ఆడుతున్నాడు. ఒక నెలలో అందరికీ రాదు బాబు గారూ. మండలానికి మీ దగ్గర అది వచ్చినవాళ్ళనే చేజింగులో ముందు పెట్టండి.

సత్యవేడు_సురేష్
బడి రికార్డు తీసుకున్నా అన్నా, థ్యాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం చదివినా. మా వాడి సార్‌కి కూడా పంపించినా.

ఇరాల_లెక్కలమాస్టారు
ఈ రోజు నడక ఆట పెట్టినా. మొదటి నిమిషం అంతా నవ్వులే. తర్వాత ఒక 6వ తరగతి పిల్లోడు 2 దగ్గర ఆగి "గీత!" అని అరిచి, ఖో ఇవ్వకుండా దాటినాడు. రన్నర్ అదే మా మౌనంగా ఉండే పిల్ల. ఆమె సందు వైపు రాకుండా బోరింగు పోలు వైపు పోయింది, వీడు 4 దగ్గర ఆగి "సందు!" అన్నాడు, ఖో ఇచ్చినాడు, ఆమె అప్పటికే 4కీ పోలుకీ మధ్య సందులో కాలు పెట్టింది. దొరికింది. మొదటిసారి దొరికింది ఈ వారంలో.

బయటికి వచ్చి నన్ను అడిగింది: "సార్, నేను ఆడ ఇంకో అడుగు ఆగి ఉంటే 4ని దాటేవాడు కదా?" అవును అన్నా. రేపు మళ్ళీ ఆమెనే మొదటి రన్నర్‌గా పెట్టమని అడిగింది.

పాకాల_పీడీ
పెట్టండి సార్. చేజర్‌గా కూడా అదే పిల్లోడిని పెట్టండి. ఏమైందో రాయండి.